యానాంలో ఫుల్ ట్యాంకు.. హౌరా దాకా లెక్క

అంబాజీపేటలో కొబ్బరికాయలు ఎత్తిన పది టైర్ల లారీ హౌరా చేరాలంటే సుమారు 1,100 కిలోమీటర్లు నడవాలి. దారిలో నాలుగు రకాల డీజిల్ ధరలు తగులుతాయి: కోనసీమలో ఆంధ్ర ధర, గౌతమి దాటగానే యానాంలో పుదుచ్చేరి ధర, ఇచ్ఛాపురం దాటాక ఒడిశా ధర, ఆ తర్వాత బెంగాల్ ధర. ఎక్కడ ఎన్ని లీటర్లు కొట్టించాలి, ఎక్కడ ఆగకుండా పోవచ్చు, మొత్తం ఎంత డబ్బు చేతిలో ఉండాలి అన్న మూడు ప్రశ్నలకూ జవాబు మూడు విషయాల్లోంచే వస్తుంది. అవి ట్యాంకు ఇచ్చే దూరం, బండి నడిచే వేగం, మోసే బరువు. ఈ మూడింటినీ కలిపి చూస్తే ఇంధనం ఖర్చు బయల్దేరే ముందే చాలావరకు తేలిపోతుంది. బంకు ఎంపిక కన్నా డ్రైవరు కాలు ఎక్కువ డబ్బు మిగులుస్తుందన్న సంగతి కూడా అక్కడే బయటపడుతుంది.

ట్యాంకు మొత్తం వాడుకోవడానికి కాదు

పది టైర్ల లారీ ట్యాంకు 365 లీటర్లని కంపెనీ పుస్తకంలో ఉందనుకుందాం. లెక్కలోకి వచ్చేది ఆ మొత్తం కాదు. ఎండకు డీజిల్ వ్యాకోచిస్తుంది కాబట్టి మూతి దాకా నింపకుండా కొంత ఖాళీ వదలాలి. అందువల్ల పైన ఒక పదిహేను లీటర్లు తీసేసి 350గా పట్టుకోవాలి. అడుగున 50 లీటర్లు ముట్టుకోకూడని నిల్వ. ట్యాంకు అడుగున చేరిన నీరు, మడ్డి ఫిల్టరు వైపు రాకుండా ఉండటానికి కొంత, దారిలో వంతెన దగ్గరో టోల్‌గేటు దగ్గరో గంటల తరబడి ఆగిపోతే ఇంజిన్ నడవటానికి కొంత ఈ నిల్వ కావాలి. డీజిల్ పూర్తిగా అయిపోతే నష్టం దారిలో నిలిచిపోవడంతో ఆగదు. గొట్టాల్లోకి గాలి చేరి, మళ్లీ నింపాక కూడా ఆ గాలిని తీస్తేగానీ బండి స్టార్ట్ కాదు.

అంటే నిజంగా వాడుకోదగ్గది 300 లీటర్లు. దీన్ని మైలేజీతో గుణిస్తే ఒక ట్యాంకు ఇచ్చే దూరం వస్తుంది. లోడుతో లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇచ్చే బండికి అది 1,200 కిలోమీటర్లు. ఆ నాలుగు అనే అంకె ఎంత నమ్మదగ్గదన్న దాని మీదే మిగతా లెక్కంతా నిలబడుతుంది.

మైలేజీ తెలుసుకోవడానికి నమ్మకమైన పద్ధతి ఫుల్ టు ఫుల్. బంకులో నాజిల్ తనంతట తాను ఆగేవరకూ నింపి, మీటరు రీడింగు రాసుకోవాలి. కనీసం నాలుగైదు వందల కిలోమీటర్లు నడిచాక మళ్లీ అదే విధంగా నాజిల్ ఆగేవరకూ నింపాలి. రెండోసారి పట్టిన లీటర్లతో నడిచిన కిలోమీటర్లను భాగిస్తే మైలేజీ వస్తుంది. బండి సమతలంగా ఉన్నచోటే రెండుసార్లూ నింపాలి. ఒకసారి పల్లంలో, ఒకసారి మెరకలో ఆపి నింపితే పెద్ద ట్యాంకులో కొన్ని లీటర్ల తేడా వచ్చేస్తుంది. ముల్లు చూసి వేసే అంచనా దీనికి సాటిరాదు. చాలా బండ్లలో ముల్లు ఫుల్ దగ్గర చాలాసేపు కదలదు, సగం దాటాక గబగబా దిగుతుంది. కొత్త కార్లలో తెర మీద కనిపించే ‘ఇంకా ఇన్ని కిలోమీటర్లు’ అన్న అంకె కూడా ఇటీవల నడిచిన తీరును బట్టి వేసుకున్నదే. ఊళ్లో ఒంటరిగా తిరిగిన కారులో అయిదుగురు ఎక్కి హైవే మీదకు వెళ్తే ఆ అంకె తప్పుతుంది.

గాలి ఎంత, బరువు ఎంత

చదునైన హైవే మీద బండి డీజిల్ ప్రధానంగా రెండింటి మీద ఖర్చవుతుంది. ఒకటి టైర్ల నిరోధం. టైరు రోడ్డు మీద నొక్కుకుని మళ్లీ విచ్చుకుంటూ దొర్లేటప్పుడు పోయే శక్తి ఇది. బరువు ఎంత పెరిగితే ఇదీ అంతే పెరుగుతుంది, వేగంతో పెద్దగా మారదు. రెండోది గాలి నిరోధం. దీనికి బరువుతో పనిలేదు. వేగం రెట్టింపయితే ఇది నాలుగు రెట్లవుతుంది.

28 టన్నుల మొత్తం బరువున్న లారీకి టైర్ల నిరోధం సుమారు 1,900 న్యూటన్ల దాకా ఉంటుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో గాలి నిరోధం దాదాపు వెయ్యి న్యూటన్లు. అదే 80 కిలోమీటర్ల వేగంలో 1,700 దాటుతుంది. రెండూ కలిపి చూస్తే 60లో 2,900, 80లో 3,650. అంటే ప్రతి కిలోమీటరుకూ నాలుగో వంతు ఎక్కువ శక్తి కావాలి. 60లో లీటరుకు నాలుగు ఇచ్చే బండి 75 నుంచి 80 మధ్య నిలకడగా నడిస్తే మూడున్నరకు దిగువకు వస్తుంది. 2018లో కేంద్రం సవరించిన వేగ పరిమితుల ప్రకారం నాలుగు లైన్ల రోడ్ల మీద సరుకు లారీకి గరిష్ఠం 80. చట్టం ఒప్పుకునే ఆ వేగం డీజిల్ లెక్కలో చాలా ఖరీదైనది.

బరువు సంగతి వేరు. అదే లారీ ఖాళీగా ఉంటే పది టన్నుల దగ్గర ఉంటుంది, టైర్ల నిరోధం 700 న్యూటన్లకు దిగుతుంది, మైలేజీ లీటరుకు ఆరు దాకా వస్తుంది. లోడు మీద ఒక్కో టన్ను పెరిగినప్పుడల్లా ఖర్చు రెండు శాతం చొప్పున పెరుగుతుందని మోటుగా పట్టుకోవచ్చు. గతుకుల్లో, ఊళ్ల మధ్య ఆగి కదిలేటప్పుడు బరువు ప్రభావం ఇంకా ఎక్కువ. ప్రతిసారీ అంత బరువును కొత్తగా కదపాలి, బ్రేకు వేసినప్పుడల్లా ఆ శక్తి వేడిగా పోతుంది. అందుకే లోడు బండికి అమలాపురం నుంచి కాకినాడ దాకా ఊళ్లను ఒరుసుకుంటూ పోయే 216వ నంబరు జాతీయ రహదారి మీద వచ్చే మైలేజీ, కత్తిపూడి దాటి 16వ నంబరు రహదారి ఎక్కాక వచ్చే మైలేజీ ఒకటి కావు. మొత్తం ప్రయాణానికి వేసుకున్న నాలుగు అనే అంకె ఈ రెండింటి సగటు.

పది టైర్ల లారీ మొత్తం బరువు పరిమితిని 2018 జూలైలో 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచారు. కాటా మీద తూగే ఈ బరువులో ట్యాంకులోని డీజిల్ కూడా ఉంటుంది. 300 లీటర్ల డీజిల్ అంటే సుమారు 250 కిలోలు. లోడు సరిగ్గా పరిమితి అంచున ఉంటే, యానాంలో ఫుల్ ట్యాంకు చేయించాక తర్వాతి కాటాలో బండి పరిమితి దాటినట్టు తేలవచ్చు. అధిక లోడుకు 2019 మోటారు వాహనాల సవరణ చట్టం పెట్టిన జరిమానా రూ.20,000, ఆపై అదనపు టన్నుకు రూ.2,000. కాబట్టి సరుకు ఎత్తేటప్పుడే ట్యాంకు నిండేందుకు పావు టన్ను చోటు వదిలిపెట్టాలి.

ధర ఎక్కడ మారుతుంది, ఎందుకు

పెట్రోలు, డీజిల్ జీఎస్టీలోకి రాలేదు. కేంద్రం వేసే ఎక్సైజ్ సుంకం దేశమంతా ఒకటే అయినా, రాష్ట్రాల వ్యాట్ ఎవరిది వారిదే. ఆంధ్రప్రదేశ్‌లో డీజిల్ మీద 22.25 శాతం వ్యాట్, దానిమీద లీటరుకు రూ.4 అదనపు వ్యాట్, రోడ్ల అభివృద్ధి సెస్సు ఒక రూపాయి ఉన్నాయి. పెట్రోలు మీద వ్యాట్ 31 శాతం, పైన అదే నాలుగు, అదే ఒకటి. అందుకే రాష్ట్రం చుట్టూ ఏ సరిహద్దు దాటినా ధర తగ్గుతుంది. తడ దాటి తమిళనాడులోకి వెళ్లినా, ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళ్లినా అంతే.

కోనసీమ వాసులకు ఆ సరిహద్దు ఇంటి పక్కనే ఉంది. యానాం 1954 వరకూ ఫ్రెంచివారి చేతిలో ఉండి, ఆ తర్వాత పుదుచ్చేరిలో భాగమైంది. చుట్టూ గోదావరి జిల్లాలే ఉన్నా పన్ను మాత్రం పుదుచ్చేరిది. అక్కడ వ్యాట్ తక్కువ. 2025 నాటి ధరలకు దగ్గరగా గుండ్రంగా వేసుకుంటే లీటరు డీజిల్ ఆంధ్రలో రూ.97, యానాంలో రూ.86, ఒడిశాలోనూ బెంగాల్‌లోనూ రూ.93. పెట్రోలుకు ఆంధ్ర, యానాం మధ్య తేడా ఇంకాస్త ఎక్కువ, లీటరుకు పన్నెండు రూపాయల పైమాటే. 2017 జూన్ నుంచి ధరలు ఏ రోజుకారోజు ఉదయం 6 గంటలకు సవరించుకునే పద్ధతి వచ్చింది, బంకుకూ బంకుకూ కూడా పైసల్లో తేడా ఉంటుంది. కాబట్టి లెక్కకు ముందు ఆ రోజు ధర చూసుకోవాలి. అయితే ప్రయాణ ప్రణాళికను నిర్ణయించేది అసలు ధర కాదు, రెండు చోట్ల మధ్య తేడా. పన్నులు మారనంతకాలం ఆ తేడా దాదాపు నిలకడగా ఉంటుంది.

అంబాజీపేట నుంచి హౌరాకు

లారీ అంబాజీపేటలో బయల్దేరేటప్పుడు ట్యాంకులో 60 లీటర్లు ఉన్నాయనుకుందాం. అమలాపురం, ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక వారధి దాటి యానాం చేరడానికి సుమారు 45 కిలోమీటర్లు. పదకొండు లీటర్లు ఖర్చవుతాయి, ట్యాంకులో దాదాపు 50 మిగులుతుంది. అంబాజీపేటలో ఒక్క లీటరు కూడా కొట్టించనవసరం లేదు. యానాంలో 300 లీటర్లు కొట్టిస్తే ట్యాంకు 350కి వస్తుంది. రూ.86 చొప్పున రూ.25,800. ఇదే 300 లీటర్లు ఆంధ్ర ధరకు కొంటే రూ.29,100. ఒక్క చోట ఆగినందుకు రూ.3,300 మిగిలింది. ఈ లారీకి యానాం దారిలోనే ఉంది కాబట్టి చుట్టు తిరిగిన ఖర్చు కూడా లేదు.

యానాం నుంచి తాళ్లరేవు, కాకినాడ, పిఠాపురం మీదుగా కత్తిపూడి దగ్గర 16వ నంబరు రహదారి ఎక్కి, అనకాపల్లి–ఆనందపురం బైపాస్‌తో విశాఖ నగరాన్ని తప్పించుకుని, శ్రీకాకుళం మీదుగా ఇచ్ఛాపురం చేరడానికి 430 కిలోమీటర్లు. గిరిసోల దగ్గర ఒడిశాలో అడుగుపెట్టాక బరంపురం, చిల్కా అంచున బాలుగావ్, భువనేశ్వర్, కటక్, భద్రక్, బాలేశ్వర్ దాటితే ఒడిశాలో మరో 450. దంతన్ దగ్గర బెంగాల్‌లోకి వెళ్లి ఖరగ్‌పూర్, కోలాఘాట్ మీదుగా హౌరాకు 175. మొత్తం యానాం నుంచి 1,055 కిలోమీటర్లు.

లీటరుకు నాలుగు చొప్పున 264 లీటర్లు కావాలి. వాడుకోదగ్గ 300లో ఇది ఇమిడిపోతుంది. హౌరాలో సరుకు దింపేటప్పుడు ట్యాంకులో 86 లీటర్లు ఉంటాయి. దారిలో ఎక్కడా డీజిల్ కోసం ఆగనవసరం లేదు. ఒడిశా ధర ఆంధ్ర కన్నా తక్కువే అయినా యానాం కన్నా ఏడు రూపాయలు ఎక్కువ. కాబట్టి వెళ్లేటప్పుడు అక్కడ కొనడంలో లాభం లేదు.

ఈ పథకం ఎక్కడ చెడుతుందో కూడా ముందే కనుక్కోవచ్చు. 1,055ని 300తో భాగిస్తే మూడున్నర. మైలేజీ ఆ మూడున్నర కన్నా కిందికి పోతే బండి హౌరా చేరకముందే నిల్వలోకి దిగుతుంది. టైర్లలో గాలి తగ్గడం, ఎదురుగాలి, కటక్ దగ్గర ట్రాఫిక్ జాము, ఇంజిన్ ఆపకుండా నిద్రపోవడం వంటివన్నీ ఆ వైపే లాగుతాయి. ఖాళీగా నడిచే ఇంజిన్ గంటకు సుమారు రెండు లీటర్లు తాగుతుంది. అయితే అన్నింటికన్నా బలంగా లాగేది వేగం. అదే లారీని 80 దగ్గర పట్టుకుని నడిపి మైలేజీ 3.4కు తెచ్చుకుంటే 310 లీటర్లు కావాలి. అంటే 46 లీటర్లు ఎక్కువ, సుమారు రూ.4,000. యానాం బంకులో మిగిలిన రూ.3,300 మొత్తం కాలి కింద పోయి, పైన మరో ఏడువందలు కూడా పోతాయి. అది చాలక దారిలో ఒకచోట బంకులో ఆగాల్సి వస్తుంది. దానికి ప్రతిఫలంగా దక్కేది మొత్తం దారిలో మూడు నాలుగు గంటలు. మంచు పెట్టెల్లో రొయ్య మోసే బండికి ఆ గంటలకు విలువ ఉంది, ఆలస్యమైతే సరుకే పోతుంది. కొబ్బరికాయకు అంత తొందర లేదు.

పథకం సరిగ్గా నడుస్తోందో లేదో డ్రైవరు దారిలోనే చూసుకోవడానికి ఒక గుర్తు చాలు. యానాం నుంచి భువనేశ్వర్‌కు 625 కిలోమీటర్లు. నాలుగు చొప్పున 156 లీటర్లు ఖర్చయి, 194 మిగలాలి. 365 లీటర్ల ట్యాంకులో అది సగానికి కొంచెం పైన. మైలేజీ 3.4కు పడి ఉంటే మిగిలేది 166, అంటే సగానికి కింద. భువనేశ్వర్ దగ్గర ముల్లు సగానికి పైనుంటే హౌరా దాకా ఆగనక్కర్లేదు. సగం కిందికి దిగితే బెంగాల్ సరిహద్దు లోపే 30, 40 లీటర్లు వేయించుకోవాలి. ఒడిశాలోనూ బెంగాల్‌లోనూ ధర దాదాపు ఒకటే కాబట్టి తొందరపడి ఎక్కువ కొట్టించనక్కర్లేదు.

తిరుగు ప్రయాణం

వెళ్లేటప్పుడు పనికొచ్చిన సూత్రమే వచ్చేటప్పుడు తలకిందులవుతుంది. చవక బంకు ఇప్పుడు చివర ఉంది, మధ్యలో ఖరీదైన ఆంధ్ర ఉంది. కాబట్టి యానాం చేరేసరికి ట్యాంకు నిల్వ దగ్గరకు రావాలి, ఇచ్ఛాపురం నుంచి యానాం దాకా నడిచే డీజిల్ మాత్రం సరిహద్దు అవతలే కొనాలి.

తిరుగులో తేలికపాటి సరుకు దొరికి మైలేజీ అయిదు వస్తే యానాం దాకా 211 లీటర్లు కావాలి. హౌరాలో ఉన్న 86లో నిల్వ 50 పక్కన పెడితే వాడుకోదగ్గది 36. అంటే దారిలో కొనాల్సింది 175 లీటర్లు. హౌరా నుంచి 130 కిలోమీటర్ల దూరంలోని ఖరగ్‌పూర్ చేరేసరికి ట్యాంకులో 60 మిగులుతుంది. నిల్వ ముట్టుకోకముందే అక్కడ 175 కొట్టిస్తే 235 అవుతుంది. ఖరగ్‌పూర్ నుంచి ఇచ్ఛాపురానికి 495 కిలోమీటర్లు, 99 లీటర్లు. సరిహద్దు దగ్గర 136 ఉంటుంది. ఆంధ్రలో 430 కిలోమీటర్లకు 86 ఖర్చయి, యానాం వారధి ముందు మళ్లీ 50 దగ్గర ఆగుతుంది. మధ్యలో ఒక్క ఆగుడు చాలు.

మరి ఇంకాస్త ఎక్కువ కొట్టించుకుంటే నిశ్చింత కదా అనిపిస్తుంది. ఇక్కడ ఆ నిశ్చింత ఖరీదు లీటరుకు ఏడు రూపాయలు. ఖరగ్‌పూర్‌లో అవసరానికి మించి కొట్టించిన ప్రతి లీటరూ యానాంలో రూ.86కు కొనదగ్గ చోటును రూ.93తో నింపేస్తుంది. తక్కువ కొట్టించినా తప్పే. శ్రీకాకుళం దగ్గరో తుని దగ్గరో రూ.97 పెట్టి కొనాల్సి వస్తుంది. ఈ రెండో నష్టం లీటరుకు నాలుగు రూపాయలే అయినా, తిరుగు లోడు బరువు ముందే తెలియనప్పుడు పాతిక లీటర్లు ఎక్కువ కొట్టించుకోవడమే మేలు. ఆ పాతికకు అయ్యే అదనపు ఖర్చు రూ.175. దారిలో నిలిచిపోతే పోయే రోజుతో పోలిస్తే అది లెక్కలోది కాదు.

చేతిలో ఎంత డబ్బు

రానుపోను మొత్తం డీజిల్ 495 లీటర్లు. యానాంలో 300, ఖరగ్‌పూర్‌లో 175 కలిపి రూ.42,075. అంబాజీపేట, యానాం మధ్య రెండు వైపులా పట్టే 20 లీటర్లకు యానాం ధర వేసుకుంటే మొత్తం దాదాపు రూ.43,800. దీనిమీద పది శాతం అదనంగా ఉంచుకోవాలి. ఆ పది ఊరికే వేసుకునేది కాదు. మైలేజీ నాలుగు నుంచి 3.6కు జారితే పడే భారం దాదాపు అంతే.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 లారీలకు మరో ట్యాంకు ఉంటుంది. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే డీఈఎఫ్ అనే యూరియా ద్రవం అందులో పోస్తారు. డీజిల్‌లో నాలుగైదు శాతం చొప్పున ఇది ఖర్చవుతుంది. ఈ ప్రయాణానికి సుమారు పాతిక లీటర్లు. ఇది అయిపోతే బండి మొదట హెచ్చరిక దీపం వెలిగించి, తర్వాత ఇంజిన్ శక్తిని తగ్గించేస్తుంది. కాబట్టి దీన్ని యజమానే బయల్దేరే ముందు నింపించాలి. దారిలో అన్ని బంకుల్లోనూ దొరుకుతుందనుకోకూడదు.

టోల్ ఖర్చు డీజిల్‌లా డ్రైవరు చేతిలో లేదు. 2008 నాటి జాతీయ రహదారుల రుసుము నియమాల్లో కిలోమీటరుకు మూల రేటు కారుకు 65 పైసలు, మూడు ఇరుసుల లారీకి రూ.2.40. ఏటా ఏప్రిల్ 1న రేట్లు పెరుగుతున్నా ఈ నిష్పత్తి అలాగే ఉంది. కారుకు వంద కట్టే టోల్‌గేటులో పది టైర్ల లారీ సుమారు రూ.370 కట్టాలి. రహదారుల సంస్థ యాప్ ‘రాజ్‌మార్గ్ యాత్ర’లో దారి ఎంచుకుంటే గేటు గేటుకూ రేట్లు కనిపిస్తాయి. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి. అందులో డబ్బు చాలకపోతే మామూలు కన్నా ఎక్కువ కట్టించుకునే ప్రమాదం ఉంది కాబట్టి రానుపోను టోల్ మొత్తాన్ని ముందే ఖాతాలో వేసి ఉంచాలి. డ్రైవరు, క్లీనర్ బత్తా, తిండి, పార్కింగు, ఎత్తుడు దింపుడు కూలీలు వేరే పద్దు. వాటిని డీజిల్ డబ్బుతో కలిపి ఇస్తే తర్వాత మైలేజీ లెక్క తేలదు.

యానాం చుట్టు తిరిగి వెళ్లాలా

అంబాజీపేట లారీకి యానాం దారిలో ఉంది. అందరికీ అలా ఉండదు. రావులపాలెం నుంచి రాజమహేంద్రవరం మీదుగా కత్తిపూడి వెళ్లే లారీ, దాని బదులు అమలాపురం, యానాం మీదుగా వెళ్తే సుమారు 40 కిలోమీటర్లు ఎక్కువ. అలాంటప్పుడు చూడాల్సిన లెక్క ఇది:

```
లాభం = (కొట్టించే లీటర్లు × ధర తేడా) − (అదనపు కి.మీ. ÷ మైలేజీ × ధర)
```

లారీకి 300 × 11 అంటే రూ.3,300. అందులోంచి 40 కిలోమీటర్లకు పది లీటర్లు, రూ.860 తీసేస్తే రూ.2,440 మిగులుతుంది. రెండు లైన్ల రోడ్డు మీద ఊళ్ల మధ్య పోయే గంటన్నరకు అంతకన్నా ఎక్కువ విలువ లేకపోతే తిరగడం లాభమే. ట్యాంకు ఇప్పటికే సగం నిండి ఉంటే మాత్రం కొట్టించేది 150 లీటర్లే అవుతుంది, లాభం రూ.790కి పడిపోతుంది. చుట్టు తిరిగే ఆలోచన ఉన్న బండి ట్యాంకు ఖాళీతోనే బయల్దేరాలి.

కారుకు ఇదే లెక్క వేస్తే ఫలితం తిరగబడుతుంది. సంక్రాంతికి అమలాపురం వచ్చి హైదరాబాద్ తిరిగి వెళ్లే పెట్రోలు కారుకు 37 లీటర్ల ట్యాంకు, అయిదు లీటర్లు నిల్వ, వాడుకోదగ్గది 32 లీటర్లు అనుకుందాం. యానాం వెళ్లిరావడానికి 64 కిలోమీటర్లు. లీటరుకు 18 చొప్పున మూడున్నర లీటర్లు, యానాం ధరకే సుమారు రూ.345. కొట్టించే 32 లీటర్ల మీద పన్నెండున్నర చొప్పున మిగిలేది రూ.400. రెండు గంటలు తిరిగితే చేతికి వచ్చేది రూ.55. ద్రాక్షారామం, కాకినాడ వైపు ఎలాగూ పని ఉంటే యానాంలో నింపుకోవచ్చు, అందుకోసమే బయల్దేరడం దండగ.

ఆ కారుకు అసలు చూసుకోవాల్సింది దూరం. అమలాపురం నుంచి హైదరాబాద్ 450 కిలోమీటర్ల లోపు. 18 మైలేజీకి ఒక ట్యాంకు 576 కిలోమీటర్లు ఇస్తుంది, మధ్యలో ఆగనక్కర్లేదు. అయిదుగురు మనుషులు, పైన క్యారియర్ మీద సంచులు, గంటకు వంద వేగం కలిస్తే మైలేజీ 14కు దిగుతుంది. కారులో మూడొందల కిలోల బరువు పెరిగితే తగ్గేది పది శాతం లోపే. క్యారియర్ సామాను, వేగం కలిసి గాలి నిరోధాన్ని పెంచడం వల్లే మిగతాది పోతుంది. 14కు ఒక ట్యాంకు 448 కిలోమీటర్లు మాత్రమే. పండుగ తిరుగు రద్దీలో పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరిన వరుసలో ఏసీ వేసుకుని నిలబడ్డ కారుకు ఆ అంచు లెక్క సరిపోదు. తెలంగాణలో పెట్రోలు లీటరుకు రెండు రూపాయలే తక్కువ కాబట్టి ధర కోసం ఎదురుచూడకుండా, విజయవాడ దాటాక ఏదో ఒక బంకులో పది లీటర్లు వేయించుకుంటే సరిపోతుంది.

లెక్క తప్పితే కారణం ఎక్కడ

ప్రయాణం ముగిశాక ట్రిప్ షీటులోని లీటర్లు, కిలోమీటర్లు, లోడు బరువు పక్కపక్కన పెట్టుకుని చూడాలి. అయిదు శాతం దాకా తేడా మామూలే. అంతకు మించితే కారణం వెతకాలి, ఆ కారణం ఎక్కడుందో అంకెలే కొంత చెప్తాయి.

వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ మైలేజీ ఒకే నిష్పత్తిలో తగ్గితే అది బండిలోని లోపం. టైర్లలో గాలి, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు, పట్టి వదలని బ్రేకు మొదట చూడాలి. బ్రేకు పట్టి ఉంటే కొంతదూరం నడిచి ఆగాక ఆ చక్రం డ్రమ్ము మిగతావాటికన్నా వేడిగా ఉంటుంది. లోడుతో మాత్రమే తగ్గితే కాటా చీటీ చూడాలి, పరిమితి దాటిన సరుకు అక్కడ దొరుకుతుంది. మైలేజీ బాగానే ఉండి, ఒక్క రాత్రి ఆగిన చోట ముల్లు దిగిపోతే అది కారుడో, దొంగతనమో. బండి కింద తడి మరక ఉంటే కారుడు, లేకపోతే ట్యాంకు మూత తాళం చూసుకోవాలి.

ఒక బంకులో నింపినప్పుడే ఎప్పుడూ లెక్క తప్పుతుంటే అనుమానం కొలత మీద. కొట్టించే ముందు మీటరు సున్నా దగ్గర ఉందో లేదో చూడటం అందరికీ తెలిసిందే. దానికి మించి, ప్రతి బంకులోనూ తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన అయిదు లీటర్ల కొలత పాత్ర ఉండాలి, వినియోగదారుడు అడిగితే దానిలోకి కొట్టి చూపించాలి. అయిదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల దాకా తేడాను నియమాలు ఒప్పుకుంటాయి. అంటే అర శాతం. యానాంలో కొట్టించే 300 లీటర్ల మీద అది లీటరున్నర. అంతకన్నా పెద్ద తేడా కనిపిస్తే పంపు నంబరు, సమయం, బిల్లు పట్టుకుని ఆ శాఖకు ఫిర్యాదు చేయవచ్చు.

ఇవేవీ లేకుండా రెండు మూడు ప్రయాణాల్లో వరసగా ఒకే మైలేజీ వస్తుంటే, మొదట వేసుకున్న నాలుగు బదులు ఆ అంకెనే తర్వాతి లెక్కలో పెట్టుకోవాలి. దానితో ట్యాంకు దూరం, భువనేశ్వర్ దగ్గర ముల్లు ఉండాల్సిన చోటు, ఖరగ్‌పూర్‌లో కొట్టించాల్సిన లీటర్లు మూడూ మారతాయి. లెక్క చేసే తీరు మాత్రం మారదు.